ఐరన్ మాత్ర వేసుకుంటున్నా రక్తం పెరగడం లేదు, ఎందుకు?

ప్రశ్న: నాకిప్పుడు ఐదో నెల, 22 వారాలు. నెల క్రితం హిమోగ్లోబిన్ 9.1 ఉంది. రోజూ ఒక ఐరన్ మాత్ర, ఒక కాల్షియం మాత్ర రాశారు. రెండూ ఉదయం టిఫిన్ అయ్యాక టీ తాగుతూ వేసుకుంటున్నాను. ఇప్పుడు చూస్తే 9.3 మాత్రమే. మాత్ర వేసుకుంటే వికారం, మలం నల్లగా వస్తోంది, టెన్షన్‌గా ఉంది. ఏ టైమ్‌కి ఏం తినాలో, ఏం వేసుకోవాలో ఒక పట్టికలా చెప్పగలరా?

జవాబు: మందు సరిగా ఒంటబడితే నెల రోజుల్లో హిమోగ్లోబిన్ దాదాపు 1 గ్రాము పెరగాలి. మీకు 0.2 మాత్రమే పెరిగింది. మీరు రాసినదాన్ని బట్టి నాకు మొదట అనుమానం వచ్చేది మాత్ర మీద కాదు, మాత్ర వేసుకునే సమయం మీద. టీలోని టానిన్లు ఐరన్‌ను పట్టేసుకుని పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లనివ్వవు. కాల్షియం కూడా ఐరన్‌కు అడ్డుపడుతుంది. ఈ మూడూ ఒకేసారి కడుపులోకి వెళితే మాత్రలో చాలా భాగం వృథా అయినట్టే.

మీ రోజును ఇలా మార్చుకోండి. గంటలు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, మధ్యలో విరామం తగ్గకూడదు.

| సమయం | తీసుకోవాల్సింది | గుర్తుంచుకోవాల్సింది |
|---|---|---|
| ఉదయం 8 | టిఫిన్, కావాలంటే టీ | మాత్రలేవీ వద్దు |
| 10:30 | ఐరన్ మాత్ర, నిమ్మరసం కలిపిన నీళ్లు లేదా నారింజ పండు | ఆ తర్వాత గంట వరకు టీ, కాఫీ, పాలు వద్దు |
| మధ్యాహ్నం 1 | భోజనం, కాల్షియం మాత్ర | ఐరన్‌కు, దీనికి కనీసం 2 గంటల తేడా |
| సాయంత్రం 4:30 | పాలు లేదా టీ | పాలు ఈ పూటకే |
| రాత్రి 8 | ఆకుకూర, పప్పు, నిమ్మరసం. తినేవారైతే మాంసం లేదా చేప | టీ, పాలు వద్దు |
| రాత్రి 10 | డాక్టర్ రెండో ఐరన్ మాత్ర చెబితే ఇక్కడ | భోజనమై 2 గంటలు కావాలి |

కాల్షియాన్ని మధ్యాహ్నానికి పెట్టింది కావాలనే. రాత్రి భోజనంలోని ఐరన్‌కు అది అడ్డు రాదు. ఆకుకూరలు, పప్పుల్లో ఉండే ఐరన్ ఒంటబట్టేది తక్కువ. పులుపు, అంటే విటమిన్ సి, పక్కన ఉంటే ఎక్కువగా అందుతుంది. నిమ్మరసాన్ని వంట దించాక పిండుకోండి, ఎక్కువ వేడికి విటమిన్ సి పోతుంది. మాంసం, చేపల్లోని ఐరన్ తేలిగ్గా ఒంటబడుతుంది. లివర్ మాత్రం గర్భిణికి వద్దంటాను, అందులో విటమిన్ ఎ మరీ ఎక్కువ.

బీట్‌రూట్ రసం గురించి చాలామంది అడుగుతుంటారు. ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందని నమ్మకం, కానీ అందులో ఐరన్ తక్కువే. తాగితే నష్టం లేదు, మాత్రకు బదులు మాత్రం కాదు. ఒక గుడ్డులో ఉండేది దాదాపు 1 మిల్లీగ్రాము ఐరన్. మాత్రతో పోల్చి చూస్తే ఒక్క తిండితోనే ఈ లోటు ఎందుకు పూడదో మీకే తెలుస్తుంది.

ఇక మోతాదు. మాత్రల షీట్ మీద 'ఎలిమెంటల్ ఐరన్', అంటే మాత్రలో ఉన్న అసలు ఐరన్, ఎంతో చూడండి. రక్తహీనత ఉన్న గర్భిణికి హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చేదాకా రోజుకు 120 మిల్లీగ్రాములు, దానితో పాటు ఫోలిక్ యాసిడ్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మీ మాత్రలో 60 మాత్రమే ఉంటే ఆ సంగతి మీ డాక్టర్‌ను అడగండి. మీ అంతట మీరు రెండోది మొదలుపెట్టవద్దు.

మలం నల్లబడటం ఐరన్ వల్లే, భయం లేదు. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తేనో, ఎర్రగా రక్తం కనిపిస్తేనో చూపించుకోవాలి. ఖాళీ కడుపున వికారం తట్టుకోలేకపోతే కొద్దిగా తిని వేసుకోండి, ఒంటబట్టడం కొంత తగ్గినా మానేయడం కంటే మేలు. రాత్రి పడుకునే ముందు వేసుకున్నా చాలామందికి వికారం తెలియదు. అప్పటికీ కుదరకపోతే మరో రకం ఐరన్ మాత్రకు మార్చమని డాక్టర్‌ను అడగవచ్చు.

ఇలా నాలుగు వారాలు వేసుకుని, 26వ వారంలో మళ్లీ పరీక్ష చేయించుకోండి. 10 దాటితే దారిలో పడ్డట్టే. అప్పటికీ కదలకపోతే కారణం ఐరన్ లోటు ఒక్కటే కాకపోవచ్చు. విటమిన్ బి12 తక్కువ కావడం, వారసత్వంగా వచ్చే తలసీమియా లక్షణం, పేగుల్లో కొంకిపురుగులు వంటివి చూడాల్సి ఉంటుంది. మాత్ర పడని వారికి మూడో నెల దాటాక ఐరన్‌ను నరం ద్వారా ఎక్కించే దారి కూడా ఉంది. హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గినా, కూర్చున్నచోటే ఆయాసం, గుండెదడ వచ్చినా పరీక్ష తేదీ దాకా ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.

ఇంట్లో చిన్న పిల్లలుంటే ఈ మాత్రలు వాళ్లకు అందని చోట పెట్టండి. చాక్లెట్ అనుకుని కొన్ని మింగినా ప్రాణం మీదకు వస్తుంది.