ఇటుక గోడ ప్లాస్టిక్‌లా రాకుండా ఏ3 ముద్రణకు పెంచడం

“ఏఐతో చేసిన భవనం బొమ్మను ఏ3 ముద్రణకు పెద్దది చేసి షార్ప్ చేస్తే, ఇటుక గోడ ప్లాస్టిక్‌లా నున్నగా వస్తోంది. ఏం చేయాలి?”

బొమ్మను పెద్దది చేసే ఏఐ సాధనమైన అప్‌స్కేలర్ ఇటుక మీది సన్నని గరుకును నాయిస్‌గా భావించి తుడిచేస్తుంది. ఆపైన షార్పెన్ చేస్తే మిగిలిన అంచులే గట్టిపడి, సున్నపు గీతల పక్కన తెల్లటి అంచు కనిపిస్తుంది. కాబట్టి ముందుగా చేసిన షార్పెనింగ్‌ను తీసివేసి, బొమ్మను ఏ3కి సరిపడే 3508×4961 పిక్సెళ్లకు రెండు విధాలుగా పెంచండి: ఒకటి అప్‌స్కేలర్‌తో, రెండోది మామూలు బైక్యూబిక్ పద్ధతిలో. అప్‌స్కేలర్ పొరను పైన ఉంచి, దాని ఒపాసిటీని 60 శాతం దగ్గర మొదలుపెట్టి, గోడను 100 శాతం జూమ్‌లో చూస్తూ సవరించండి. తరువాత గోడలపై మాత్రమే, ఆకాశానికీ అద్దాలకూ తగలకుండా, రంగులేని సన్నని గ్రెయిన్ చేర్చండి. షార్పెనింగ్ అన్నిటికంటే చివర, ముద్రణ కొలతలోనే, సుమారు ఒక పిక్సెల్ రేడియస్‌తో చేయాలి. అయితే మూల చిత్రంలోనే ఇటుకల వరుసలు కలిసిపోయి ఉంటే ఇవేవీ పనిచేయవు; నా దృష్టిలో ఆ భాగాన్ని ఇన్‌పెయింటింగ్‌తో మళ్లీ గీయించడమే మేలు.