కొనుగోళ్లు అమ్మకాలను మించుతాయా?

సందేహం: “కొనుగోళ్లు అమ్మకాలను మించడంతో షేరు ధర పెరిగింది” అని వార్తల్లో రాస్తున్నారు. ఒకరు అమ్మితేనే కదా మరొకరు కొనేది, మించడం ఎలా? ‘మార్కెట్ డెప్త్’ను ‘లోతు’ అనవచ్చా?

సమాధానం: మీ అభ్యంతరం సరైనదే. కొనుగోలు, అమ్మకం అనేవి ఒకే లావాదేవీకి రెండు పేర్లు కనుక వాటి పరిమాణాలు ఎప్పుడూ సమానమే. హెచ్చుతగ్గులు ఉండగలిగేది ఆర్డర్లలో. అవి జరిగిన పనులు కావు, జరగవలసినవి. అయితే ‘కొనుగోళ్లు’ తీసి ‘కొనుగోలు ఆర్డర్లు’ అని దిద్దినా వాక్యం పూర్తిగా నిలవదు. ఫలానా ధరకు దొరికితేనే తీసుకుంటామని వరసలో ఆగిన ఆర్డర్లు ఎన్ని ఉన్నా, వాటంతట అవి ధరను పైకి నెట్టవు. ఎంతకైనా సరే, ఇప్పుడే కావాలని వచ్చిన ఆర్డరు నెడుతుంది.

ఒక ఊహా షేరును తీసుకుందాం. కొనేవారి అత్యధిక ధర రూ. 500.00. అమ్మేవారి వైపు 500.05కు 200, 500.10కు 300, 500.20కి 500, 500.40కి 400, 500.75కు 1,000 షేర్లు ఉన్నాయి. ధరకు పరిమితి పెట్టకుండా 1,500 షేర్లకు ఆర్డరు వస్తే, అది మొదటి నాలుగు మెట్లను ఖాళీ చేసి, చివరి 100 షేర్లను 500.75కు తీసుకుంటుంది. సగటున పడిన ధర 500.25 మాత్రమే అయినా, తెరపై చివరి ధరగా 500.75 కనిపిస్తుంది. కొనేవారు ఇంకా 500.00 దగ్గరే ఉన్నారు కాబట్టి కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య 5 పైసల ఎడం 75 పైసలైంది. కొత్త అమ్మకందారులు వచ్చి ఖాళీ మెట్లను నింపితే ధర వెనక్కి రావచ్చు. అందుకే ఇలాంటి కదలికకు ‘పెరిగింది’ కన్నా ‘ఎగసింది’ అన్న క్రియ నాకు నచ్చుతుంది.

ఇక ‘లోతు’ నిస్సందేహంగా వాడదగిన మాట. ఏటి లోతు అన్నప్పుడు మొత్తం నీటిని కాక, దిగిన చోట ఎంత మునుగుతామో చెబుతాం. ఇక్కడా అంతే, ప్రస్తుత ధరకు దగ్గరలో ఎంత పెద్ద ఆర్డరు ఇముడుతుందన్నదే లోతు. పై ఉదాహరణలో 500.05 దగ్గరే 5,000 షేర్లు ఉండి ఉంటే అదే ఆర్డరు మెట్టు దాటేది కాదు. ఆర్డర్ల పట్టిక అడుగున కనిపించే మొత్తం షేర్ల సంఖ్యను మాత్రం లోతు అనకూడదు, ఎందుకంటే అందులో ప్రస్తుత ధరకు చాలా దూరంగా, ఇప్పట్లో తగలని ఆర్డర్లు కూడా కలుస్తాయి.

కనిపించే లోతు కూడా పూర్తిది కాకపోవచ్చు. పెద్ద ఆర్డరులో కొంత భాగాన్నే బయటకు చూపే వీలు మన ఎక్స్ఛేంజీల్లో ఉంది. ఒక మెట్టు తరుగుతూ అదే ధరకు మళ్లీ మళ్లీ నిండుతుంటే వెనుక అలాంటి ఆర్డరు ఉందని అనుమానించవచ్చు. మరికొన్ని ఆర్డర్లు ధర దగ్గరకు రాగానే రద్దవుతాయి.

కాబట్టి ఆ వార్తను “తక్షణ కొనుగోలు ఆర్డర్లకు సరిపడా లోతు లేకపోవడంతో ధర ఎగసింది” అని రాస్తే, ఆర్డర్ల పట్టిక అదే చూపినప్పుడు, మాటా నిజమవుతుంది, వ్యాకరణమూ నిలుస్తుంది.