ఒక రోజు ఆఫ్‌సైట్‌కి ఫెసిలిటేటర్‌ని, హెడ్స్‌ని పిలిచేటప్పుడు ఎవరికి ఏం రాయాలి?

ప్రశ్న: మా ఎండీ గారు డిపార్ట్‌మెంట్ హెడ్స్ అందర్నీ ఒక రోజు ఊరి బయటకు తీసుకెళ్లి వచ్చే సంవత్సరం ప్లాన్ చేయిద్దాం అంటున్నారు. బయటి నుంచి ఫెసిలిటేటర్‌ని కూడా పిలవమన్నారు. ఇన్విటేషన్లు రాసే పని నా మీద పడింది. ఫెసిలిటేటర్‌కి ఏం రాయాలి, హెడ్స్‌కి ఏం రాయాలి, ముందుగా ఎవర్ని ఏం సిద్ధం చేసుకోమనాలి?

జవాబు:

నేను గుంటూరు వైపు ఒక డెయిరీలో ఎండీ ఆఫీసు చూసేదాన్ని. ఇలాంటి ఆఫ్‌సైట్లు రెండు ఏర్పాటు చేశాను. మొదటిది పూర్తిగా పాడైంది, అందులో తప్పు చాలావరకు నాదే. "శనివారం ఉదయం 10 గంటలకు ఆఫ్‌సైట్ ప్లానింగ్, అందరూ తప్పక రావాలి" అని ఒక క్యాలెండర్ ఇన్వైట్ పంపి ఊరుకున్నాను. ఫైనాన్స్ హెడ్ 40 స్లైడ్లతో వచ్చారు. ట్రాన్స్‌పోర్ట్ ఆయన ఉత్త చేతులతో వచ్చారు. ఇక మొదలుపెట్టగానే పాల లెక్క దగ్గర ఇరుక్కుపోయాం.

రోజుకు సగటున 60 వేలు వస్తున్నాయని సేకరణ హెడ్ చెప్పారు. ప్లాంట్ హెడ్ రిజిస్టర్లో 58 వేల చిల్లరే ఉంది. "మిగతా పాలు ఎటు పోయాయి?" అని ఒకరు, "మా మీద అనుమానమా?" అని ఇంకొకరు. గంటన్నర గడిచాక క్వాలిటీ హెడ్ నెమ్మదిగా, "సర్, ఆయన చెప్పేది కిలోలు, మీరు చూసేది లీటర్లు" అన్నారు. ఊళ్లో పాలు తూకం వేసి కొంటాం, ప్లాంట్‌లో లీటర్లలో లెక్క రాస్తాం. లీటరు పాలు దాదాపు 1.03 కిలోలు తూగుతాయి. 60 వేల కిలోలంటే 58,250 లీటర్లు. పాలు ఎక్కడికీ పోలేదు, మా పూట పోయింది. ముందే ఒక కాగితం మీద అందరి లెక్కలూ ఒకే కొలతలో పెట్టించి ఉంటే ఆ గొడవే వచ్చేది కాదు.

రెండోసారి ముందు ఎండీ గారి దగ్గర కూర్చుని, "ఆ రోజు సాయంత్రానికి ఏది తేలాలి?" అని అడిగాను. "వచ్చే సంవత్సరం స్ట్రాటజీ" అన్నారు. అది ప్రశ్న కాదు కదా. రెండు రోజులు తిరగ్గా చివరికి తేలింది ఇది: చేతిలో ఉన్నది 3 కోట్లు, దాంతో కొత్త పెరుగు లైన్ పెట్టాలా, ఊళ్లలోనే పాలు చల్లబరిచే బల్క్ కూలర్లు పెట్టి పాల సేకరణ పెంచాలా? ఈ ఒక్క వాక్యం దొరికాకే ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. మీరూ అంతవరకు ఎవరికీ ఏమీ పంపకండి.

తేదీ కూడా మా పనిని బట్టే చూసుకున్నాం. చలికాలంలో గేదె పాలు ఎక్కువగా వస్తాయి, సేకరణ వాళ్లకు ఊపిరాడదు. మార్చి నుంచి పెరుగు, మజ్జిగ గిరాకీ మొదలైతే మార్కెటింగ్ వాళ్లు దొరకరు. మధ్యలో మిగిలింది ఫిబ్రవరి. కొత్త ఆర్థిక సంవత్సరం బడ్జెట్‌కి కూడా అది సరిపోయింది. బాపట్ల దగ్గర సూర్యలంకలో ఒక హాలు తీసుకున్నాం. ముందుగా ఫెసిలిటేటర్ వీలు కనుక్కుని, ఆ తర్వాతే హెడ్స్‌కి తేదీ చెప్పాం. ఏడుగురిని ఒక తేదీకి ఒప్పించాక ఆవిడకు కుదరదంటే మళ్లీ మొదటికొస్తాం.

ఫెసిలిటేటర్ హైదరాబాద్ నుంచి వచ్చే ఒక పెద్దావిడ. ఆరు వారాల ముందు ఆవిడకు పంపిన ఉత్తరం ఇంచుమించు ఇలా ఉంది:

"నమస్కారం మేడమ్. ఫిబ్రవరి రెండో శనివారం మా డెయిరీ హెడ్స్ ఏడుగురు, ఎండీ గారు కలిసి ఒక రోజు కూర్చుంటున్నారు. తేలాల్సిన ప్రశ్న ఒక్కటే: ఉన్న 3 కోట్లు పెరుగు లైన్‌కా, బల్క్ కూలర్లకా? మొత్తం సొమ్ము మారదు, మనుషుల్ని తీసేసే మాట రాదు. ఈ రెండూ ఆ రోజు చర్చకు రావు. ఏకాభిప్రాయం రాకపోతే నిర్ణయం ఎండీ గారిది, ఆ సంగతి అందరికీ తెలుసు. సేకరణకూ ప్లాంట్‌కూ మధ్య పాత మనస్పర్థలు ఉన్నాయి, మీకు ముందే తెలియడం మంచిదని చెబుతున్నాను. మీ నుంచి కోరేవి మూడు. ఆ రోజుకు ముందే ఒక్కొక్కరితో విడివిడిగా అరగంట ఫోన్‌లో మాట్లాడాలి. వాళ్లు పంపే పేజీలు చదివి, ముందు గురువారానికల్లా రోజు ఎలా నడుస్తుందో ఎండీ గారికి ఒక పేజీలో చూపించాలి. వీలైతే ఒక పూట ప్లాంట్ చూసి వెళ్లాలి. ఫోన్‌లో ఎవరేం చెప్పారో పేర్లతో మాకు చెప్పనక్కర్లేదు."

దీని తర్వాత ఫీజు, ప్రయాణం, బస, జీఎస్టీ, మేము పట్టుకునే టీడీఎస్, ఇవి మాత్రం విడిగా రాశాను. రోజు ఫీజులోనే ఫోన్ కాల్స్, ప్లాంట్ చూడటం కలిసి ఉన్నాయా లేదా అన్నది ఇక్కడే తేల్చుకోండి. మాకు అవి విడిగా పడ్డాయి, ముందే అడిగాం కాబట్టి ఇబ్బంది కాలేదు.

పాత మనస్పర్థల సంగతి రాయాలా వద్దా అని నేనూ తటపటాయించాను. రాసిందే మంచిదైంది. ఆవిడ ముందుగా ఫోన్ చేసింది ఆ ఇద్దరికే. అంతకుముందు ఇంకొకాయన్ని అడిగితే, ఎవరితోనూ మాట్లాడకుండానే మర్నాటికల్లా గంట గంటకూ అజెండా తయారుచేసి పంపారు. అందులో "డెయిరీ" అన్న మాట తీసేసి "సిమెంట్" అని పెట్టినా సరిపోతుంది. ఆయన్ని వద్దనుకున్నాం.

హెడ్స్‌కి నాలుగు వారాల ముందు ఉత్తరం వెళ్లింది. నా పేరుతో కాదు, ఎండీ గారి పేరుతో. నా పేరుతో వెళ్తే అది ఏర్పాట్ల కబురు అనుకుంటారు. ఉత్తరం ఇది:

"ఫిబ్రవరి రెండో శనివారం 9:30 నుంచి 4:30 వరకు సూర్యలంకలో కూర్చుందాం. 3 కోట్లు పెరుగు లైన్ మీద పెట్టాలా, బల్క్ కూలర్ల మీద పెట్టాలా అన్నది ఆ రోజు తేల్చాలి. వచ్చే రెండు వారాల్లో ఫెసిలిటేటర్ మీకు ఫోన్ చేస్తారు, అరగంట కేటాయించండి. మనం కూర్చునే వారంలో మంగళవారం సాయంత్రానికల్లా ఒకే ఒక పేజీ రాసి వారికి పంపండి. స్లైడ్లు వద్దు. పేజీలో మూడు విషయాలు ఉండాలి. రెండింటిలో ఒక్కటే చేయగలిగితే మీరు ఏది ఎంచుకుంటారు, ఎందుకు? మీరు ఎంచుకున్నది దెబ్బతింటే దేనివల్ల దెబ్బతింటుంది? అది చేయడానికి మీ డిపార్ట్‌మెంట్‌లో మీరు ఏం వదులుకోగలరు? లెక్కల కాగితం ఫైనాన్స్ నుంచి విడిగా వస్తుంది, అందులో ఏదైనా తప్పుంటే ముందే చెప్పండి. ఆ రోజు మీ ఫోన్లు ఎవరు ఎత్తుతారో పేరు పంపండి."

9:30 నుంచి 4:30 అని ఎందుకంటే, పాలు ఆదివారమైనా పండగైనా ఆగవు. సేకరణ హెడ్ ఫోన్ పొద్దున తొమ్మిదింటి దాకా, మళ్లీ సాయంత్రం ఐదు నుంచి మోగుతూనే ఉంటుంది. ఆ వేళలు వదిలేస్తేనే ఆయన మనసు హాల్లో ఉంటుంది.

మూడు ప్రశ్నల్లో అసలు పనిచేసింది రెండోది. మొదటిదానికి ఎవరి డిపార్ట్‌మెంట్‌ని బట్టి వాళ్లు రాస్తారు, అది ఊహించగలిగిందే. రెండోదానికి జవాబు రాయాలంటే ఎదుటివాళ్ల వైపు నుంచి ఆలోచించాలి. మాకు వచ్చిన ఏడు పేజీల్లో ఐదుగురు పెరుగు లైనే కావాలన్నారు. అయితే ఆ ఐదుగురిలో నలుగురు "వేసవిలో పాలు చాలకపోతే లైన్ ఖాళీగా ఉంటుంది" అనే అర్థం వచ్చేలా రాశారు. ఒకరి పేజీ ఇంకొకరు చూడలేదు. ఫెసిలిటేటర్ ఆ శనివారం పొద్దున పేర్లు లేకుండా ఆ నాలుగు వాక్యాలూ బోర్డు మీద రాసి పక్కకు నిలబడ్డారు. ఓ రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. పదకొండింటికే చర్చ "ఏది" అన్నది దాటి "ముందు ఏది, ఎప్పటిదాకా" అన్నదాని మీదకు వెళ్లింది. సాయంత్రానికి ముందు కూలర్లు, వేసవి సేకరణ చూశాక పెరుగు లైన్ అని తేలింది.

ఫైనాన్స్ వాళ్ల లెక్కల కాగితం పది రోజుల ముందే అందరికీ వెళ్లింది. నెలవారీ సేకరణ, అమ్మకం అన్నీ లీటర్లలోనే, కిలోలను లీటర్లలోకి ఎలా మార్చారో కింద ఒక లైను. ప్లాంట్ హెడ్ ఒక నెల అంకె తప్పని పట్టుకున్నారు, దిద్దించాం. ఆ తగువు ఫోన్‌లోనే తీరిపోయింది.

ఎండీ గారిని కూడా పిలవాలి, ఆయనకూ సిద్ధం చేసుకోవాల్సింది ఉంటుంది. దీన్ని చాలామంది మర్చిపోతారు. ఆయనకు ఉత్తరం కాకుండా నేనే వెళ్లి చెప్పాను. "సర్, మధ్యాహ్నం భోజనం దాకా మీ అభిప్రాయం చెప్పకండి. మీరు ముందు చెబితే మిగతావాళ్లు తలూపుతారు." ఆయన నవ్వి, "నేను నోరు మూసుకోవడానికి 3 కోట్లా?" అన్నారు. ఫెసిలిటేటర్ కూడా అదే మాట చెప్పేసరికి ఒప్పుకున్నారు. పూర్తిగా ఆగలేకపోయారు, పన్నెండింటికే ఒకసారి జారారు. అప్పుడు ఆవిడ "సర్, మీ వంతు భోజనాల తర్వాత" అన్నారు, అందరూ నవ్వారు. అలా అనే హక్కు ఆవిడకు ఉందని ఎండీ గారితో ముందే అనుకుని ఉండబట్టి సరిపోయింది.

ఇక ఎక్కడ బెడిసికొడుతుందో ముందే ఎలా తెలుస్తుందంటే: ఉత్తరానికి ఒట్టి "ఓకే" అని జవాబొచ్చిన వాళ్లు చదవలేదని అనుకోండి. ఫోన్ ఎవరు ఎత్తుతారో పేరు పంపిన వాళ్లు చదివినట్టు. నేను ఆ పేరు అడిగిందే సగం దానికోసం. పేజీ నున్నగా, పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలతో వస్తే కింద పనిచేసే పిల్లాడు రాసినట్టు. మాకు అలాంటిది ఒకటి వచ్చింది. ఫెసిలిటేటర్ ఆయనకే మళ్లీ ఫోన్ చేసి మాట్లాడించి, ఆయన మాటల్లోనే రాసుకున్నారు.

మంగళవారం రాత్రి దాకా రానిది సేకరణ హెడ్ పేజీ ఒక్కటే. ఫోన్ చేస్తే, "అమ్మాయ్, నాకు కంప్యూటర్‌లో రాయడం రాదు, అడగాలంటే మొహమాటమేసింది" అన్నారు. కాగితం మీద రాసి ఫొటో పంపమన్నాను. మర్నాడు పొద్దున ఆరింటికి పాల రసీదు వెనక పెన్నుతో రాసిన పేజీ వాట్సాప్‌లో వచ్చింది. ఏ ఏ ఊళ్లలో కూలర్ పెడితే సాయంత్రం పాలు పుల్లబారకుండా దక్కుతాయో పేరుపేరునా రాసి ఉంది. మీ ఉత్తరంలో "చేత్తో రాసి ఫొటో పంపినా సరే" అని ఒక ముక్క చేర్చండి, నేను చేర్చలేదు.