రెండు వందల లీటర్లకు ఎనిమిది వందల సీసాలు రావు బిడ్డా

మిర్యాలగూడ

చిరంజీవి మేనకోడలికి,

మామ ఆశీస్సులు. దేవరకొండలో షెడ్డు కుదిరిందని, గిన్నెలు తోమే లిక్విడ్ మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "మామా, 200 లీటర్ల బ్యాచ్‌కు 250 మిల్లీలీటర్ల సీసాలు 800 తెప్పిస్తున్నా, సరిపోతాయా?" అని నువ్వు అడిగినవట. సరిపోవడం కాదు, మిగిలిపోతాయి. ఎందుకో ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు, అందుకే రాస్తున్నా.

ముందు నా తప్పు చెబుతా. తొలి బ్యాచ్ కలిపిన రోజు కలియబెట్టడం ఆపగానే ట్యాంకు మీది గీత చూసిన. 214 దగ్గర ఉంది. పోసింది 200 లీటర్ల సరుకే కదా, 14 లీటర్లు ఎక్కడివని ఆలోచించకుండా సంబరపడ్డ. ఆ రాత్రే కూర్చుని సీసా మెడ దాకా చూసుకుంటూ నింపేసినం. పొద్దున చూస్తే ప్రతి సీసాలోనూ మట్టం వేలెడు దిగింది. అప్పటికే కొన్ని డబ్బాలు అంగడికి వెళ్లిపోయినయి. దుకాణదారు అన్నీ వెనక్కి పంపిండు. ఆ 14 లీటర్లు గాలి బిడ్డా. పైన తెల్లగా కనిపించే నురగ కొంతే, మిగతా గాలి సన్న బుడగలై లిక్విడ్ లోపలే ఇరుక్కుని ఉంటుంది.

కాబట్టి లీటర్ల లెక్క మానెయ్. అంతా కాంటా మీద, కిలోల్లో చెయ్. గాలి చేరితే లీటర్లు పెరుగుతయి గానీ బరువు పెరగదు. నీళ్లు, జిడ్డు వదిలించే యాసిడ్ స్లర్రీ, దాని ఆమ్లాన్ని విరిచే కాస్టిక్ సోడా, నురగనిచ్చే ఎస్‌ఎల్‌ఈఎస్, ఉప్పు, రంగు, వాసన, ట్యాంకులో ఏది వేసినా తూచి వెయ్యి, తూచింది నోట్‌బుక్‌లో రాయి. మొత్తం 206 కిలోలు అయిందనుకో, బ్యాచ్ అంతే.

సీసాలో ఎన్ని గ్రాములు పోయాలో తెలియాలంటే లిక్విడ్ నీళ్లకంటే ఎంత బరువో చూడాలి. పెద్ద పరికరమేమీ అక్కర్లేదు. ఖాళీ సీసా తూచు, 30 గ్రాములు ఉందనుకో. మెడ మీద గీత గీసి అక్కడిదాకా నీళ్లు పోసి తూచు, 280. అంటే నీళ్లు 250. సీసా ఆరబెట్టి, అదే గీత దాకా ఒక రాత్రి నిలిచి గాలి పోయిన లిక్విడ్ పోసి తూచు. 287.5 వస్తే లిక్విడ్ 257.5 గ్రాములు. 257.5ని 250తో భాగిస్తే 1.03. నీ బ్యాచ్‌కు నువ్వే చూసుకో, నా అంకె వాడొద్దు. ఉప్పు, స్లర్రీ పాళ్లు మారితే ఇదీ మారుతుంది.

అంటే 250 మిల్లీలీటర్లకు 257.5 గ్రాములు కావాలి. నువ్వు మాత్రం 260కి పెట్టుకో. తూనికలు కొలతల నిబంధనల్లో ఈ సైజుకు ఒక్కో సీసాలో 9 మిల్లీలీటర్ల దాకా తేడాను ఓర్చుకుంటారు. అలాగని దాన్ని చూసి తక్కువ పోయొద్దు. మొత్తం సీసాల సగటు 250కి తగ్గకూడదు. చేత్తో నింపేటప్పుడు రెండు మూడు గ్రాములు అటూ ఇటూ అవుతుంది, దానికే ఆ 2.5 గ్రాములు.

ఇక ట్యాంకులో ఉన్నదంతా సీసాలోకి రాదు. నేనూ 200 లీటర్ల బ్యాచే చేస్తా, నా ట్యాంకు నల్లా అడుగుకు రెండు వేళ్లు పైన ఉంది. ఆ కింద 3 కిలోలు నిలిచిపోతుంది. గోడలకు, కలిపే రెక్కలకు అంటుకున్నది ఒక కిలో. వడగట్టే గుడ్డ, పైపు, నింపే మిషన్ కలిసి రెండున్నర. పరీక్షకు, దాచుకునే నమూనాకు అర కిలో. మొత్తం 7 కిలోలు. ఇవి నా షెడ్డు అంకెలు. నీ ట్యాంకుకు తెలియాలంటే ఒకసారి బ్యాచ్ అయిపోయినంక ట్యాంకును వంచి, పైపు విప్పి, కారిందంతా బకెట్‌లోకి పట్టి తూచు.

206లో 7 పోతే 199. నింపేటప్పుడు నురగతో పొంగి పోయేది, చిందేది, తుడిచేది వందకు ఒకటి, అంటే రెండు కిలోలు. మిగిలింది 197. దాన్ని 0.26తో భాగిస్తే 757 సీసాలు. నువ్వు అనుకున్న 800కు 43 తక్కువ. గీత చూసి 214 లీటర్లు అనుకుంటే 856 వస్తాయని ఆశపడేదానివి. డబ్బాకు 24 చొప్పున 31 డబ్బాలు, 744 సీసాలు. పదమూడు ఇంట్లోకి, చుట్టాలకు. దుకాణాలకు 30 డబ్బాలే మాటివ్వు. సీసాలు, మూతలు, లేబుళ్లు మాత్రం 770 తెప్పించు. మూత సరిగా పట్టనివి, లేబుల్ వంకర పడ్డవి ఎప్పుడూ కొన్ని ఉంటయి.

ఇందులో నేను ఆలస్యంగా తెలుసుకున్న సంగతి ఒకటుంది. ఆ 7 కిలోలు బ్యాచ్ చిన్నదైనా పెద్దదైనా అంతే పోతుంది. అదే ట్యాంకులో 50 కిలోలే కలిపితే ఏడుకు ఏడు పోయి, వందకు 14 వంతున నష్టం. "మామా, కొంచెం కొంచెం చేసి చూస్తా" అంటావేమో, అట్లయితే చిన్న డ్రమ్ములో చెయ్. రంగు, వాసన మార్చకుండా వెంట వెంటనే అదే సరుకు కలిపితే అడుగుది, పైపుది వృథా కాదు, మరుసటి బ్యాచ్‌లో కలిసిపోతుంది. నిమ్మ వాసనది చేసి వెంటనే గులాబీది చేస్తే మాత్రం మొత్తం కడిగి పారబోయాల్సిందే. కడిగిన నీళ్లు దాచి తర్వాత వాడదామని చూడొద్దు, రెండు రోజుల్లో వాసన పడుతుంది.

నురగ తగ్గించే పద్ధతి చెబుతా విను. కలిపే రెక్క పూర్తిగా మునిగి ఉండాలి. మధ్యలో గుంట పడేలా తిప్పితే గాలిని లోపలికి లాగుతుంది. ఉప్పు చివరికి ఉంచు. ఉప్పు పడగానే లిక్విడ్ చిక్కబడుతుంది, చిక్కబడ్డాక బుడగ పైకి రాలేదు. పలుచగా ఉన్నప్పుడే ఒక రాత్రి వదిలెయ్, పొద్దున ఉప్పునీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ మెల్లగా తిప్పు. ఉప్పు ఎక్కువైతే మళ్లీ పలుచబడుతుంది, చూసుకో. తర్వాత మరో పూట ఆగు. గాజు గ్లాసులోకి తీసి వెలుగుకు ఎత్తి పట్టి చూడు. మబ్బుగా ఉంటే గాలి ఉన్నట్టే, అవతలి గోడ స్పష్టంగా కనిపిస్తే నింపడం మొదలుపెట్టు. గొట్టం సీసా అడుగుదాకా దించి, లిక్విడ్ ఎక్కుతుంటే గొట్టాన్నీ పైకి తీస్తూ నింపాలి. పైనుంచి ధారగా పోస్తే సీసాలోనే నురగ పొంగి, మెడ దగ్గర కారిపోయి, నిండినట్టు కనిపిస్తుంది. మొదటి నాలుగైదు సీసాల్లో పైపులోని గాలి వస్తుంది, వాటిని మళ్లీ ట్యాంకులో పోసెయ్.

సాయంత్రం లెక్క సరిచూసుకో. నింపిన సీసాలను 0.26తో గుణించి, బకెట్లలోకి తీసింది, గోడలకు అంటుకున్నది, నమూనాకు తీసింది, గుడ్డ తుడిచింది కలుపు. 206కి కిలో లోపు తేడా ఉంటే పరవాలేదు. రెండు కిలోలు కనిపించకపోతే సీసాలు ఒక్కొక్కటి తీసి తూచు. సీసాకు మూడు గ్రాములు ఎక్కువ పడినా 757 సీసాలకు రెండుంపావు కిలోలు పోతుంది, దాదాపు తొమ్మిది సీసాల సరుకు. నాకు ఒకసారి అదే జరిగింది. కాంటా కింద బల్ల ఒక కాలు పొట్టిదై ఊగుతుండె. కాగితం మడిచి పెట్టిన, సరిపోయింది.

తొలి బ్యాచ్ నింపిన రోజు నోట్‌బుక్ పేజీ ఫొటో తీసి పంపు. ఎన్ని సీసాలు వచ్చినయో, బకెట్లో ఎంత మిగిలిందో రెండూ కనిపించాలి. మీ అత్త పండు మిరపకాయ పచ్చడి పంపుతున్నది, బస్టాండులో దింపుకో.

మీ మామ