గోర్డన్ ఫార్ములాలో షేరు విలువ మైనస్‌లో వస్తే తప్పు ఎక్కడున్నట్టు?

ప్రశ్న: ఒక కంపెనీ ఆర్‌ఓఈ 38 శాతం. లాభంలో సగం డివిడెండ్‌గా ఇస్తోంది, సగం ఉంచుకుంటోంది. గుణిస్తే వృద్ధి రేటు 19 శాతం వచ్చింది. నాకు కావాల్సిన రాబడి 12 శాతం. ఫార్ములాలో పెడితే షేరు విలువ మైనస్‌లో వస్తోంది. ఎక్కడ తప్పు చేశాను? వృద్ధి రేటును నేనే 7 శాతానికి తగ్గించేసుకోవచ్చా?

జవాబు:

గుణకారం సరిగ్గానే చేశారండీ. చిక్కంతా ఆ 38 శాతంతోనే. అది కంపెనీలో ఇన్నేళ్లుగా పోగైన మొత్తం సొమ్ము మీద వస్తున్న సగటు రాబడి. వృద్ధి రేటు లెక్కకు కావాల్సింది వేరు. ఈ ఏడాది పంచకుండా అట్టేపెట్టుకున్న రూపాయి వచ్చే ఏడాది లాభానికి ఎంత కలుపుతుందో అది కావాలి.

```
g  = b × ROE
P0 = D1 / (r − g)
```

ఇందులో g వృద్ధి రేటు, b లాభంలో ఉంచుకున్న భాగం, P0 షేరు విలువ, D1 వచ్చే ఏడాది డివిడెండ్, r మీకు కావాల్సిన రాబడి. ఈ ఫార్ములాలో ఒకే దశ ఉంటుంది. అంటే మీరు పెట్టిన g ఎప్పటికీ అలాగే సాగుతుందని ఒప్పుకున్నట్టే. ఏటా 19 శాతం చొప్పున పెరిగితే నలభై ఏళ్లలో లాభం వెయ్యి రెట్లు దాటుతుంది. ఏ కంపెనీకీ అది సాధ్యం కాదు. ఆ 19 మీకు కావాల్సిన 12ను దాటిపోయింది కాబట్టే r − g మైనస్ అయి, ఫార్ములా మైనస్ చూపించింది.

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న బ్రోకింగ్ ఆఫీసులో చేరిన కొత్తలో నాకూ అచ్చం ఇలాగే వచ్చింది. ఇళ్లల్లో రోజూ వాడే సరుకులు తయారుచేసే కంపెనీ అది. అంకెలు గుండ్రం చేసి చెబుతాను. ఏడాది మొదట్లో షేరుకు బుక్ వాల్యూ 100 రూపాయలు, ఆ ఏడాది లాభం 40, డివిడెండ్ 22. అంటే ఆర్‌ఓఈ 40 శాతం, ఉంచుకున్నది 45 శాతం, g 18 శాతం. నాకు టెన్షన్ వచ్చి g ని 7 చేసేసి షీట్ పంపించాను. మా సీనియర్ దాన్ని తెరిచి ఒకటే అడిగారు: “ఈ మూడేళ్లలో వాళ్లు ఉంచుకున్న డబ్బు ఎక్కడికి పోయింది, ఎంత తెచ్చింది?”

పాత రిపోర్టులు తీసి కూర్చున్నాను. మూడేళ్ల కిందట షేరుకు లాభం 33 రూపాయలు. తర్వాతి రెండేళ్లలో 35.5, 37.7. ఆ మూడేళ్లూ 45 శాతం చొప్పున ఉంచుకున్నది సుమారు 15, 16, 17 రూపాయలు, మొత్తం 48. నాలుగో ఏడాది లాభం 40. అంటే 48 రూపాయలు లోపల ఉంచుకుంటే లాభం పెరిగింది 7 రూపాయలు. 7ను 48తో భాగిస్తే 14.6 శాతం. సగటు రాబడి 40 ఉన్న కంపెనీలో కొత్త రూపాయి తెస్తున్నది 14.6 మాత్రమే!

దీన్ని 45 శాతంతో గుణిస్తే g 6.6 శాతం. 33 నుంచి 40కి మూడేళ్లలో వెళ్లిన వేగం చూసినా ఏడాదికి 6.6 శాతమే. రెండూ కలిశాయి కాబట్టి లెక్క మీద నమ్మకం కుదిరింది. కావాల్సిన రాబడి ఇక్కడా 12 శాతమే అనుకుంటే, అందులో 6.6 పోగా మిగిలేది 5.4. వచ్చే డివిడెండ్‌ను 22 అనుకుని, దాన్ని ఆ 5.4 శాతంతో భాగిస్తే షేరు విలువ 407 రూపాయలు.

సగటుకీ కొత్త రూపాయికీ ఇంత తేడా ఎందుకంటే, ఇలాంటి కంపెనీలు దశాబ్దాల తరబడి ప్రకటనల మీద పెట్టిన డబ్బంతా ఏ ఏడాదికి ఆ ఏడాది ఖర్చు కింద రాసేస్తాయి. బ్రాండ్ బ్యాలెన్స్ షీట్‌లో కనిపించదు. పాత మెషీన్ల విలువ కూడా తరుగుదల పోను చాలా తక్కువే మిగులుతుంది. భాగించే అంకె చిన్నదైపోయి ఆర్‌ఓఈ పెద్దదిగా కనిపిస్తుంది. ఇవాళ అట్టేపెట్టిన రూపాయితో మరో పాత బ్రాండ్ రాదు. మా కంపెనీ విషయంలో ఆ 48లో దాదాపు 20 రూపాయలు బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఉన్నాయి. 7 శాతం వడ్డీలో పన్ను పోతే చేతికి మిగిలేది 5 శాతం చిల్లర. నగదు, బ్యాంకు నిల్వల నోట్ చూస్తే ఇది ఇట్టే తెలిసిపోతుంది.

ఇక g ని మీరే 7 చేసుకోవడం గురించి. చేసుకోవచ్చు గానీ, అది ఊరికే రాదు. సగం ఉంచుకుంటూ 7 శాతం పెరుగుతుందంటే, కొత్త రూపాయి మీద 14 శాతం వస్తుందని మీరు చెప్పినట్టే. ఆ 14 నిజమో కాదో పైన చెప్పినట్టు లెక్కేసి చూడాలి. అంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటుంది, నేను చేసిందీ అదే. g ని షీట్‌లో ఒక గడిలో టైప్ చేసి పెట్టి, కంపెనీ డివిడెండ్ పెంచితే ఏమవుతుందో చూద్దామని పే-అవుట్‌ను 80 శాతం చేశాను. డివిడెండ్ 32 అయింది, g మాత్రం 6.6 దగ్గరే ఉండిపోయింది. విలువ 593 చూపించింది. లోపల ఉంచుకునేది సగానికి పైగా తగ్గినా వృద్ధి అలాగే ఉంటుందని లెక్క కట్టానన్నమాట. సరిగ్గా చేస్తే, ఉంచుకునేది 20 శాతం, g 2.9 శాతం, విలువ 352. పెరగాల్సింది పోయి 407 కంటే తగ్గింది. కొత్త రూపాయి తెచ్చే 14.6 మీకు కావాల్సిన 12 కంటే ఎక్కువ కాబట్టి, దాన్ని పంచేస్తే షేరుదారుకే నష్టం. అందుకే g గడిలో అంకె కాకుండా ఫార్ములా ఉండాలి.

దీంతోనే ఒక పరీక్ష కూడా చేసుకోవచ్చు. కొత్త రూపాయి మీద రాబడిని సరిగ్గా 12 శాతం పెట్టండి. g 5.4 అవుతుంది, విలువ 333. లాభం 40ని నేరుగా 12 శాతంతో భాగించినా 333 రావాలి. పే-అవుట్ ఎంత మార్చినా అది కదలకూడదు. కదిలిందంటే మీ షీట్‌లో ఎక్కడో లింకు తెగిందని అర్థం. మా కేసులో 407కీ 333కీ మధ్య ఉన్న 74 రూపాయలే వృద్ధికి మనం కట్టే ధర.

అంకెలు తీసేటప్పుడు మూడు జాగ్రత్తలు. ఆర్‌ఓఈని ఏడాది మొదటి ఈక్విటీ మీద లెక్కించండి. వెబ్‌సైట్లు చాలావరకు సగటు ఈక్విటీ మీదో, చివరి ఈక్విటీ మీదో చూపిస్తాయి, అప్పుడు g కాస్త తక్కువ వస్తుంది. భూమి అమ్మిన లాభం లాంటివి చివరి ఏడాది లాభంలో ఉంటే తీసేయండి, లేకపోతే ఆ 7 రూపాయలు 12 అయిపోతాయి. బైబ్యాక్ జరిగి ఉంటే దాన్నీ డివిడెండ్‌తో కలిపి పంచిన సొమ్ముగానే లెక్కించి, లాభం పెరుగుదలను షేరుకు కాకుండా మొత్తం కంపెనీకి చూడండి. షేర్లు తగ్గడం వల్ల పెరిగిన ఈపీఎస్‌ను కొత్త పెట్టుబడి తెచ్చిన లాభం అనుకోకూడదు.

మూడేళ్లు చాలా తక్కువ కాలం, దొరికితే ఏడెనిమిదేళ్లు తీసుకోండి. కొత్త రూపాయి రాబడి 14.6కి బదులు 18 అనుకుంటే మా కంపెనీ విలువ 407 నుంచి 564కి ఎగిరిపోతుంది. అంత తేడా వస్తుంది కాబట్టి నేను 12 నుంచి 18 వరకు ఒక వరుస వేసి, ఇవాళ్టి మార్కెట్ ధర ఏ రాబడికి సరిపోతుందో చూస్తాను. మీ కంపెనీ విషయంలో, జాగ్రత్తగా లెక్కేశాక కూడా కొత్త రూపాయి మీద 25 శాతం వస్తోందని తేలితే g 12.5 అవుతుంది, ఫార్ములా మళ్లీ మైనస్‌లోకి పోతుంది. అప్పుడు ఒక్క దశ సరిపోదు. మొదటి ఎనిమిది, పదేళ్ల డివిడెండ్లను విడిగా లెక్కగట్టి, ఆ తర్వాతి కాలానికి మాత్రమే ఈ ఫార్ములా వాడండి.