కొత్త ఫోనులో వాట్సాప్ తెరిచే ముందు ఆఫీసు కంప్యూటర్ సంగతి చూడండి

ప్రశ్న: లాయరు గారూ, మాది పలాసలో చిన్న జీడిపప్పు యూనిట్. విజయనగరం డీలరు ఒకరు జనవరిలో వాట్సాప్‌లో ఆర్డరు పెట్టి 20 డబ్బాలు అరువుకు తీసుకున్నారు. 45 రోజుల్లో ఇస్తానన్న 1,60,000 రూపాయలు ఇవ్వలేదు సరికదా, ఇప్పుడు అసలు ఆర్డరే పెట్టలేదంటున్నారు. ఐదు రోజుల కిందట నా ఫోను నీళ్లలో పడి పాడైపోయింది. బోర్డు పోయిందని, ఇక పని చేయదని రిపేరు షాపువాళ్లు చెప్పారు. ఆఫీసు కంప్యూటర్లో వాట్సాప్ వెబ్ మాత్రం ఇంకా తెరుచుకుంటోంది, సందేశాలు కనిపిస్తున్నాయి. వాటిని కోర్టు ఒప్పుకుంటుందా? రేపు అదే నంబరుతో కొత్త ఫోనులో వాట్సాప్ వేసుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: కోర్టు పరిశీలిస్తుంది. కానీ ముందు రేపటి పని ఒకటి రెండు రోజులు ఆపండి. కొత్త ఫోనులో మీ నంబరు నమోదైందంటే పాత ఫోనుకు జోడించిన కంప్యూటర్లన్నీ లాగౌట్ అవుతాయి. లాగౌట్ అయిన కంప్యూటర్లో సందేశాలు మిగలవు. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఏకైక సాక్ష్యాన్ని మీరే చెరిపేసుకున్నట్టవుతుంది.

అలాగని నెలల తరబడి ఆగడానికీ లేదు. ఫోను ఆన్‌లో లేకపోయినా కంప్యూటర్లో వాట్సాప్ నడుస్తుంది గానీ, ఫోనులో 14 రోజులకు మించి వాడకపోతే జోడించిన పరికరాలు వాటంతటవే తెగిపోతాయి. మీకు ఐదు రోజులు అయిపోయాయి, ఇంకా తొమ్మిది ఉన్నాయి. ఈలోగా బ్రౌజరులో చరిత్ర, డేటా తుడిచే పని ఎవరూ చేయకుండా మీ గుమస్తాకు గట్టిగా చెప్పండి. చాలా ఆఫీసుల్లో కంప్యూటర్ నెమ్మదించగానే చేసే మొదటి పని అదే.

ఆ కంప్యూటర్లో ఏముంటుందో, ఏముండదో తెలిస్తేనే ఏం దాచుకోవాలో తెలుస్తుంది. పరికరాన్ని జోడించినప్పుడు ఫోను తన దగ్గరున్న సందేశాల్లో ఇటీవలి భాగాన్నే కంప్యూటరుకు పంపుతుంది, మొత్తం చరిత్రను కాదు. ఆ తర్వాత వచ్చినవీ మీరు పంపినవీ రెండు చోట్లా చేరుతూ ఉంటాయి. అందుకని సంభాషణను పైకి జరుపుకుంటూ పోతే ఒక చోట ఆగిపోయి, అంతకు ముందువి ఫోనులో చూడమంటుంది. జనవరి ఆర్డరు ఆ గీతకు ఇవతలే ఉందా అన్నది ముందుగా చూడండి. ఫోటోల విషయంలో ఇంకో చిక్కుంది. బిల్లు ఫోటో, లారీ రసీదు ఫోటో మసకగా కనిపిస్తూ దించుకోమంటుంటే వెంటనే నొక్కి దించండి. పాతవైతే వాటిని మళ్లీ ఫోనే పంపాలి, ఆ ఫోను ఇక లేదు కాబట్టి అవి రాకపోవచ్చు. రానివాటి మీద ఆశ పెట్టుకోకుండా, వచ్చినవాటిని భద్రం చేయండి.

తొలగింపులు కూడా రెండు చోట్లకూ పాకుతాయి. మీరు కంప్యూటర్లో ఒక సందేశం తీసేస్తే అది మీ ఖాతా మొత్తంలో పోతుంది. కాబట్టి మీకు ప్రతికూలంగా ఉన్నదైనా సరే, దేన్నీ ముట్టుకోకండి. అవతలి డీలరు ‘అందరికీ తొలగించు’ నొక్కుతారేమోనన్న భయం అక్కర్లేదు. దానికి గడువు రెండు రోజుల పైచిలుకు మాత్రమే, జనవరి సందేశాలకు అది ఏనాడో దాటిపోయింది. అయితే ఆ సంభాషణలో కనుమరుగయ్యే సందేశాల అమరిక పెట్టి ఉందేమో చూడండి. ఉంటే తొమ్మిది రోజులు ఆగకుండా ఈ రోజే పని మొదలుపెట్టండి.

భద్రపరిచే పద్ధతి ఇదీ. సంభాషణను ఫైలుగా ఎగుమతి చేసే సౌకర్యం ఫోనులో ఉన్నట్టుగా వెబ్‌లో ఉంటుందనుకోకండి. వేరొకరి ఫోనుతో వీడియో తీయించండి. మొదట కంప్యూటర్ మీదున్న తయారీదారు పేరు, మోడల్, సీరియల్ నంబరు కనిపించాలి. తర్వాత తెర మీద డీలరు పేరును నొక్కి, కింద వచ్చే ఫోను నంబరును చూపించాలి. ఇది చాలామంది మరచిపోతారు. ‘విజయనగరం డీలరు’ అని మీరు పెట్టుకున్న పేరు కోర్టుకు ఏమీ చెప్పదు, నంబరే చెబుతుంది. అక్కడి నుంచి వీడియో ఆపకుండా పై నుంచి కింది దాకా నెమ్మదిగా జరపండి. మీరు పంపిన బిల్లు సందేశం మీద Message info తెరిస్తే అది ఎప్పుడు చేరిందో, ఎప్పుడు చదివారో సమయంతో సహా వస్తుంది. అదీ వీడియోలో పడాలి. స్క్రీన్‌షాట్లు వీటికి అదనం.

ఆ ఫైళ్లను పెన్ డ్రైవ్‌లో పెట్టి ఇవ్వండి. మీ లాయరుకు వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది కుదించుకుపోయి వేరే ఫైలవుతుంది, హాష్ విలువ మారిపోతుంది. హాష్ అంటే ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తింపు సంఖ్య. విండోస్ కంప్యూటర్లో ఇలా తీస్తారు:

```
certutil -hashfile D:\chat.mp4 SHA256
```

ఇక చట్టం సంగతి. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం, 2023 అమల్లో ఉంది. అందులోని 57వ సెక్షన్ కింద ఇచ్చిన వివరణల్లో ఒక వివరణ మీకు అక్కరకొస్తుంది. ఒక ఎలక్ట్రానిక్ రికార్డు ఏకకాలంలో గానీ, ఒకదాని తర్వాత ఒకటిగా గానీ అనేక ఫైళ్లలో నిల్వయితే ప్రతి ఫైలూ ప్రాథమిక సాక్ష్యమే అంటుంది అది. ఫోనుదే అసలు, కంప్యూటర్‌ది నకలు అని అవతలి లాయరు వాదిస్తే ఈ వివరణను చూపవచ్చు. నా దృష్టిలో ఇది మీకు అనుకూలమైన మాటే. కానీ దీని మీదే భారం వేసి, ఆ రికార్డు ఏ పరికరం నుంచి వచ్చిందో ధ్రువీకరించే సర్టిఫికెట్ లేకుండా కోర్టుకు వెళ్లమని నేను చెప్పను.

కంప్యూటర్ యజమాని దాన్నే కోర్టుకు తెచ్చి, సాక్షిగా నిలబడి చూపగలిగితే సర్టిఫికెట్ అవసరం లేదని, కాపీలు దాఖలు చేస్తే మాత్రం తప్పనిసరని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో పాత చట్టంలోని 65బి సెక్షన్ గురించి తేల్చింది. మీ విషయంలో కంప్యూటర్‌ను తీసుకువెళ్లినా ప్రయోజనం లేదు, విచారణ నాటికి అందులో సందేశాలే ఉండవు. అంటే మీ దారి కాపీలది, సర్టిఫికెట్‌ది. కొత్త చట్టంలోని 63(4) సెక్షన్ ప్రకారం ఇచ్చే ఆ సర్టిఫికెట్ నమూనా ఆ చట్టం చివరి షెడ్యూల్లో ఉంది. ‘ఎ’ భాగాన్ని ఆ పరికరం ఎవరి అధీనంలో ఉందో వారు, అంటే మీరు, నింపాలి. పరికరం వివరాలు, హాష్ విలువ అందులోనే రాయాలి. ‘బి’ భాగం మీద నిపుణుడు సంతకం చేయాలి. వీడియో తీసిన ఫోను వివరాలు కూడా రాసి పెట్టుకోండి, వీడియో పుట్టింది దానిలోనే కదా.

ఇదంతా అయ్యాకే కొత్త ఫోను. నమోదు చేసేటప్పుడు పాత బ్యాకప్ తెచ్చుకోమంటారా అని అడిగితే తొందరపడి దాటేయకండి. దాటేసి ముందుకెళ్తే కొత్త బ్యాకప్ పాతదాని మీద పడే ప్రమాదం ఉంది. గూగుల్ ఖాతాలో బ్యాకప్ ఉండి, అది జనవరి తర్వాతిదైతే కంప్యూటర్లో రాని పాత సందేశాలు, ఫోటోలు కూడా తిరిగి రావచ్చు. అప్పుడు మీ పని ఇంకా సులువవుతుంది.

సందేశాలతో పాటు బిల్లు, లారీ రసీదు, ఈ-వే బిల్లు, జీఎస్‌టీ రిటర్నులో ఆ అమ్మకం చూపిన పేజీ జత చేయండి. సరుకు చేరిందని అవి చెబుతాయి, ఆర్డరు ఎవరిదో సందేశాలు చెబుతాయి. డీలరు ఫోనులోనూ ఇదే సంభాషణ ఉండాలి కాబట్టి, దావా వేశాక దాన్ని కోర్టులో హాజరుపరచమని మీ లాయరు నోటీసు ఇవ్వవచ్చు. అరువు గడువు 45 రోజులని ఒప్పుకున్నారు కనుక దావాకు మూడేళ్ల కాలపరిమితి సరుకు ఇచ్చిన రోజు నుంచి కాక, ఆ 45 రోజులు తీరిన నాటి నుంచి లెక్కకొస్తుంది. ఆ గడువు మాట ఉన్న సందేశం వీడియోలో స్పష్టంగా పడిందో లేదో కంప్యూటర్ ముందు నుంచి లేవకముందే చూసుకోండి.