రూపాయి చుట్టూ ఆరు రూపాయలు, షీటు మీద ఇరవై మూడు బిళ్ళలు

ప్రశ్న: ఒక రూపాయి బిళ్ళ మధ్యలో పెడితే, దానికి తగిలేలా చుట్టూ అదే సైజు బిళ్ళలు ఎన్ని పడతాయి? తేనెపట్టులా పేర్చితే చోటు కలిసొస్తుందంటారు, అది ఎప్పుడూ నిజమేనా?

ఆరు. కలిసొచ్చేది కూడా నిజమే, కానీ "ఎప్పుడూ" కాదు, ఆ ముక్క నాకు గాజువాక ఆటోనగర్లో ఒక షెడ్డులో పనిచేసినప్పుడు ఒక రేకు పాడుచేసుకుంటేగానీ తెలిసిరాలేదు.

ముందు ఆరు ఎందుకో చూద్దాం. మధ్య బిళ్ళకి తగిలి, ఒకదానికొకటి కూడా తగిలే రెండు బిళ్ళలు తీసుకోండి, ఆ మూడింటి మధ్య బిందువులు కలిపితే మూడు భుజాలూ బిళ్ళ వెడల్పంతే ఉంటాయి, అంటే సమబాహు త్రిభుజం, మూలకి 60 డిగ్రీలు. చుట్టూ తిరిగితే 360, కాబట్టి సరిగ్గా ఆరు, మధ్యలో వెంట్రుకంత సందు కూడా మిగలదు. ఏడోది పెట్టాలంటే 420 డిగ్రీలు కావాలి, అన్ని లేవు. ఇంట్లో చేసి చూసేటప్పుడు ఒక జాగ్రత్త, పాత పెద్ద రూపాయి 25 మిల్లీమీటర్లు, 2011లో వచ్చినది 22, రెండూ కలిపేస్తే లెక్క తప్పుతుంది. చిన్నదాని చుట్టూ పెద్దవి పెడితే ఐదే పడతాయి, ఆరోది ఎక్కదు. మా మేనల్లుడు అలాగే పెట్టి "మావయ్యా నీ లెక్క తప్పు" అని నా మీదకొచ్చాడు.

ఇక చోటు సంగతి. గళ్ళలా పేర్చితే ఒక్కో బిళ్ళకీ ఒక చదరం గడి ఖర్చవుతుంది, అందులో బిళ్ళ ఆక్రమించేది 78.5 శాతమే, మిగతాది నాలుగు మూలల్లో వృథా. అదే రెండు బిళ్ళల మధ్య పల్లంలో పైవరస బిళ్ళని కూర్చోబెడితే వరస కిందకి దిగుతుంది, 100 ఎత్తు బదులు 86.6 చాలు. పైన చెప్పిన త్రిభుజంలోనే చూస్తే మూడు మూలల్లో 60 డిగ్రీల ముక్కలు మూడు, కలిపితే సగం బిళ్ళ, త్రిభుజంలో అది 90.7 శాతం, మూడు బిళ్ళల మధ్య చిన్న సందు మాత్రమే ఖాళీ. అంతులేని తలం మీద ఇంతకన్నా బిగువుగా ఎవరూ పేర్చలేరని 1940ల్లో ఫెయెష్ తోత్ అనే హంగేరీ గణితవేత్త పూర్తిగా నిరూపించాడు.

"అంతులేని" అన్న ఆ ఒక్క మాట నేను పట్టించుకోలేదు. మాకు 500 మి.మీ. చదరపు రేకులో, కోత గ్యాప్ తో కలిపి 100 మి.మీ. పడే గుండ్రటి బిళ్ళలు తీయాల్సి వచ్చింది. మా మేస్త్రీ గళ్ళలా గీస్తుంటే నేను ఆపి, ఇలా కాదు గురువుగారూ తేనెపట్టులా గీద్దాం రెండు మూడు ఎక్కువొస్తాయి అని గట్టిగా చెప్పి నేనే సుద్దముక్కతో మార్కింగ్ చేశా. కోసి లెక్కపెడితే 23. గళ్ళలా అయితే 25 వచ్చేవి. "ఏటి బాబూ, ఎక్కువొస్తాయని రెండు పోగొట్టేవేటి?" అన్నాడు, నా దగ్గర జవాబు లేదు.

సాయంత్రం కూర్చుని చూస్తే తెలిసింది. పక్కకి జరిపిన వరసలో చెరో చివరా సగం బిళ్ళ చోటు పోతుంది, అందుకని 5 కాదు 4 పడతాయి, 5, 4, 5, 4, 5 కలిపి 23. వరసలు దిగినందుకు పైన 53.6 మి.మీ. మిగిలింది నిజమే, కానీ ఆరో వరసకి 86.6 కావాలి కదా, ఆ పట్టీ తుక్కులోకే. మీరు తప్పు చేశారని కనిపెట్టే గుర్తు కూడా ఇదే, ఒక అంచున వెడల్పాటి పట్టీ, రెండు పక్కలా సగం బిళ్ళంత పళ్ళు.

1000 మి.మీ. చదరపు రేకైతే లెక్క తిరగబడుతుంది. గళ్ళలా 100. పల్లాల్లో కూర్చోబెడితే పది బదులు 11 వరసలు పడతాయి (966 మి.మీ. దగ్గర ఆగుతాయి), 10 బిళ్ళల వరసలు ఆరు, 9 బిళ్ళలవి ఐదు, మొత్తం 105. వెడల్పు ఇంకో 50 మి.మీ. ఉంటే 9 బిళ్ళల వరసలు కూడా 10 బిళ్ళలవి అయిపోయి 110 వస్తాయి, నా దృష్టిలో అసలు లాభం అక్కడుంది. చదరపు రేకు సరిగ్గా ఇన్ని బిళ్ళల వెడల్పు అనుకుంటే, ఏడు వరకు గళ్ళే నయం (49కి 46 వస్తాయి), ఎనిమిది నుంచి తేనెపట్టు గెలుస్తుంది, 64కి 68.

ఆ తర్వాత మేస్త్రీ చిన్న రేకులన్నీ గళ్ళలానే గీసేవాడు, పెద్దవి వస్తే మాత్రం సుద్దముక్క నా చేతికిచ్చి పక్కన నిలబడి వరసలు లెక్కపెట్టేవాడు.